జీనరు మిగుల్చుకున్నదే లెక్క

మా బళ్లారిలో ఇప్పుడు రిపేరు షాపు అంటే మార్చే షాపు. అడాప్టరు పోయిందా, ఇంకోటి తీసుకో. పోయిన దాంట్లో ఏం పోయిందో చూసే ఓపిక మెకానిక్కుకీ లేదు, తెచ్చినవాడికీ లేదు. మొన్న పక్క షాపు పిల్లగాడు ఒక పెట్టె పట్టుకొచ్చి, "మామా, దీని మీద లైన్ రెగ్యులేషన్, లోడ్ రెగ్యులేషన్ అని రాసుంది, రెండూ ఒకటేనా?" అన్నాడు. డిప్లొమా చదివాడు వాడు. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకొని ఉంటాడు.

ఒకటి కాదు నాయనా. ఈ రెండూ మాకు పుస్తకంలో రాలేదు, కౌల్ బజారు కరెంటు నేర్పించింది.

మా రోజుల్లో ఇంటింటికీ ట్రాన్సిస్టరు రేడియో ఉండేది. ఒకవైపు ధారవాడ, ఇంకోవైపు కడప. 1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసినా, రేడియో ముల్లు మాత్రం ఎవరి మాటా వినకుండా రెండు వైపులా తిరిగేది. బ్యాటరీలు నెల తిరక్కుండా అయిపోతుంటే జనం ఎలిమినేటరు చేసిపెట్టమని వచ్చేవారు. తొమ్మిది వోల్టుల రేడియోకి గోడలోని కరెంటును తొమ్మిది వోల్టులు చేసి ఇవ్వాలి. వినడానికి ఇంతే. కానీ ఆ గోడలోని కరెంటు 230 వోల్టులని ఎవరన్నారు? హగరి వైపు పంపుసెట్లు నడిచే వేళకు 180కి దిగేది, రాత్రి అవన్నీ ఆగాక 260కి ఎక్కేది.

పన్నెండు వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, నాలుగు డయోడ్ల బ్రిడ్జి, ఒక పెద్ద కెపాసిటరు. లైను 180 ఉన్నప్పుడు కెపాసిటరు మీద సుమారు 12 వోల్టులు, 260 ఉన్నప్పుడు సుమారు 18. ఈ ఆరు వోల్టుల ఊగిసలాటను రేడియో దాకా పోనీకుండా ఆపాలి. దానికి ఒక వంద ఓముల రెసిస్టరు, దాని తర్వాత ఒక 9.1 వోల్టుల జీనరు డయోడు. జీనరును తలకిందులుగా పెట్టాలి, అంటే గీత ఉన్న కొస ప్లస్ వైపు. మామూలు డయోడుకు రివర్సులో వోల్టేజి ఎక్కువైతే చావే. జీనరుకు అదే ఉద్యోగం. తన 9.1 దాటేదాకా కదలదు, దాటిందంటే రేడియోకి పోగా మిగిలిన కరెంటునంతా తనలోంచి భూమికి వదులుతుంది. ఆ మిగులు కరెంటు రెసిస్టరులో వోల్టేజిని అరగదీస్తుంది, అందుకే అవుట్‌పుట్ అక్కడే నిలబడుతుంది. ఈ బ్రేక్‌డౌన్‌కు కారణం క్లారెన్స్ జీనర్ 1934లో వివరించాడు. నిజానికి 9.1 వోల్టుల దాంట్లో జరిగేది ఆయన చెప్పింది కాదు, ఎవలాంచి. అయిదారు వోల్టుల పైబడితే అదే ఎక్కువ. అయినా పేరు ఆయనదే.

ఇప్పుడు లెక్క. రేడియో మెల్లగా పాడితే 5 మిల్లీ ఆంపులు లాగుతుంది, గొంతు పెంచితే 25. లైను బాగా పడిపోయిన వేళ 12లోంచి 9.1 తీస్తే 2.9 వోల్టులు, వంద ఓముల్లో 29 మిల్లీ ఆంపులు. రేడియో గట్టిగా పాడుతుంటే అందులో 25 దానికే పోతుంది, జీనరుకు మిగిలేది 4. ఈ నాలుగే మా ఎలిమినేటరు ప్రాణం. లైను 160కి దిగిందనుకో, కెపాసిటరు మీద పదిన్నర వోల్టులు కూడా ఉండవు. రెసిస్టరు ఇవ్వగలిగింది 13 మిల్లీ ఆంపులు, రేడియో అడిగేది 25. జీనరు బ్రేక్‌డౌన్‌లోంచి బయటికొచ్చేస్తుంది. అవుట్‌పుట్ ఎనిమిదికి లోపల పడుతుంది, పాటతో పాటు గుయ్యిమని హమ్ము మొదలవుతుంది. వాల్యూము తగ్గించగానే ఆ హమ్ము పోతే జీనరు చెడిపోలేదు, దానికి కరెంటు చాలలేదు. ఇది తెలియక మంచి జీనర్లను పీకి పారేసినవాళ్లను ఎంతమందిని చూశానో.

ఇక పిల్లగాడి ప్రశ్న. లైను మారితే అవుట్‌పుట్ ఎంత మారుతుందనేది లైన్ రెగ్యులేషన్. జీనరుకు కూడా లోపల కాస్త రెసిస్టెన్సు ఉంటుంది. మేము వాడే ఒక వాట్ 1ఎన్ 4739ఏకి 28 మిల్లీ ఆంపుల దగ్గర 5 ఓములు అని కంపెనీ కాగితం. అప్పుడు వాటా ఇదీ:

ΔVo / ΔVi = rz / (R + rz) = 5 / 105 ≈ 0.048

లోపలికి ఒక వోల్టు మారితే బయట 48 మిల్లీ వోల్టులు. మన ఆరు వోల్టుల ఊపుకు సుమారు 0.29 వోల్టు, అంటే తొమ్మిదిలో మూడు శాతం. రేడియోకి అది తెలియనే తెలియదు.

లైను కదలకుండా ఉండి రేడియో లాగే కరెంటు మారితే వచ్చేది లోడ్ రెగ్యులేషన్. దానికి జీనరు 5 ఓములు, రెసిస్టరు 100 ఓములు పక్కపక్కన పెట్టినట్టు లెక్క, సుమారు 4.8 ఓములు. 5 నుంచి 25కి ఎక్కితే మార్పు 20 మిల్లీ ఆంపులు. అవుట్‌పుట్ 95 మిల్లీ వోల్టులు దిగుతుంది, ఒక్క శాతం. ఒకటి గోడవైపు నుంచి వచ్చే అల్లరి, ఇంకొకటి రేడియోవైపు నుంచి వచ్చేది. ఇంత చెప్పాక పిల్లగాడు ఫోను తీసి ఫార్ములా ఫొటో తీసుకున్నాడు. మీటరు తీసుకోలేదు.

మీటరు తీస్తే కదా అసలు సంగతి తెలిసేది. ఆ 5 ఓములు 28 మిల్లీ ఆంపుల దగ్గరి మాట. కరెంటు నాలుగుకు తగ్గినప్పుడు లోపలి రెసిస్టెన్సు పెరుగుతుంది, మోకాలి దగ్గరికి వస్తే వందల ఓములు. కాబట్టి లైను పడిపోయిన వేళ కాగితం మీద వచ్చిన మూడు శాతం నమ్మకు, వేరియాక్ పెట్టి 180 నుంచి 260 దాకా తిప్పి చూడు. మేము అలాగే చూసేవాళ్లం. రేడియో బదులు ఒకసారి 1.8 కిలో ఓములు, ఒకసారి 360 ఓములు పెడితే 5, 25 మిల్లీ ఆంపులు వచ్చేస్తాయి. మీటరులో రెండు అంకెలు రాసుకుంటే లోడ్ రెగ్యులేషన్ అయిపోయినట్టే.

పై కొసన ఇంకో బాధ, వేడి. 18 వోల్టుల వేళ రెసిస్టరులో 89 మిల్లీ ఆంపులు. రేడియో ఆపేసి ప్లగ్గు తీయకపోతే (ఎవరు తీసేవారు!) అదంతా జీనరులోకే, 0.81 వాటు. ఒక వాట్ జీనరు గనక బోలెడు మిగులుందనకు. ఆ ఒక వాటు 50 డిగ్రీల దాకే, తర్వాత డిగ్రీకి సుమారు 6.7 మిల్లీ వాట్లు తగ్గుతుంది. మే నెలలో బళ్లారి మిద్దె కింద మూసిన ప్లాస్టిక్ డబ్బాలో 65 ఉంటే 0.9 వాటే దాని తాహతు. రెసిస్టరులోనూ 0.79 వాటు కాలుతుంది. అర వాట్ వేసి ఇచ్చినవాళ్ల డబ్బాలు విప్పితే లోపల బొగ్గు. జీనరు షార్టయితే అవుట్‌పుట్ సున్నా, రెసిస్టరు నల్లగా ఉంటుంది. తిరగేసి అతికించినది 0.7 వోల్టు చూపుతుంది. తెగిపోయినదైతే మొత్తం 15 వోల్టులూ రేడియోలోకి.

అందుకే డబ్బు పెట్టేవాళ్లకు నేను ఒక ఎస్‌ఎల్ 100 ట్రాన్సిస్టరు చేర్చి ఇచ్చేవాణ్ణి. రేడియో కరెంటు దాంట్లోంచి పోతుంది, జీనరు బేసును పట్టుకుంటే చాలు. అప్పుడు రెసిస్టరు 470 ఓములు సరిపోతుంది, 18 వోల్టుల దగ్గరా జీనరుకు 19 మిల్లీ ఆంపులు మించవు, వేడి 0.17 వాటు. అవుట్‌పుట్ ఎనిమిదిన్నర దగ్గర ఉంటుంది, బేసు దగ్గర 0.6 పోతుంది కదా. ఇప్పుడు మూడు కాళ్ల 7809 ఒకటి పెడితే ఇంతకన్నా బాగా ఆపుతుంది, కాదనను. కానీ దానికీ లోపలికి పదకొండు వోల్టులు ఉండాలి. లైను పడిపోయినప్పుడు ఎందుకు గుయ్యిమంటోందో చెప్పమంటే పిల్లగాడు ఐసీ మారుస్తానన్నాడు. రెండోది కూడా మార్చాడు.