మా రోజుల్లో రన్స్ చేత్తో లెక్కపెట్టేవాళ్లం

వనపర్తిలో ఏళ్ల తరబడి కామర్స్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి, ఇన్వెస్ట్‌మెంట్స్ టర్మ్ పేపర్ పట్టుకుని గద్వాల నుంచీ నాగర్‌కర్నూల్ నుంచీ పిల్లలు ఇప్పటికీ వస్తుంటారు. ఒకసారి చూసి పెట్టమంటారు. చూస్తాను. చూసిన ప్రతిసారీ కడుపు రగులుతుంది. స్పైరల్ బైండింగు, రంగురంగుల గ్రాఫులు, పేజీలకు పేజీలు పట్టికలు. ఇంతా చేసి, ఒక్క షేరు ధర వరసగా పది రోజులు ఎట్లా కదిలిందో ఆ పిల్లవాడు కళ్లతో చూసిన దాఖలా మాత్రం ఎక్కడా కనబడదు.

మా రోజుల్లో డేటా అంటే పత్రికే. హైదరాబాద్ నుంచి బస్సులో వచ్చే బిజినెస్ పేపరు చేతికి అందేసరికి మధ్యాహ్నం దాటేది. ముగింపు ధరలను పొడుగు నోటుబుక్కులో ఎక్కించి, నిన్నటికంటే పెరిగితే పక్కన ప్లస్, తగ్గితే మైనస్ వేసేవాళ్లం. తర్వాత ఆ గుర్తులు ఎన్ని గుంపులుగా ఉన్నాయో లెక్కపెట్టాలి. వరసగా మూడు ప్లస్‌లు వస్తే అది ఒక గుంపు, తర్వాత ఒక్క మైనస్ వచ్చినా అది ఇంకో గుంపు. రన్స్ టెస్ట్ అంటే ఇదే.

దాని వెనక ఆలోచన చిన్నది. పాత ధరల్లో ఉన్న సమాచారమంతా ఇవాళ్టి ధరలో అప్పటికే చేరిపోయి ఉంటే, నిన్నటి గుర్తు చూసి రేపటి గుర్తు చెప్పలేం. మార్కెట్ బలహీన రూపంలో ఎఫిషియంట్ అనడానికి అర్థం అదే. 40 రోజులు చూశాం, 20 ప్లస్‌లు, 20 మైనస్‌లు ఉన్నాయనుకోండి. వాటి మధ్య ఏ సంబంధమూ లేకపోతే సగటున 21 గుంపులు రావాలి. అటూ ఇటూ ఊగే కొలత, అంటే స్టాండర్డ్ డీవియేషన్, సుమారు 3.1. కాబట్టి గుంపులు 14కు పడిపోయాయంటే అనుమానించాలి. పెరిగిన షేరు పెరుగుతూ పోతోంది, తగ్గింది తగ్గుతూ పోతోంది అన్నమాట. ఈ లెక్కకు కాగితం, పెన్సిలు చాలు. చేతితో ఎక్కించినందుకు ఇంకో లాభం కూడా ఉండేది. ధర ఏ రోజు అసలు కదలలేదో, ఏ రోజు హఠాత్తుగా పడిందో మనసులో ఉండిపోయేది.

ఇప్పుడో? ఈ మధ్య గద్వాల అబ్బాయి ఒకడు వచ్చాడు. చురుకైనవాడు.

"సార్, ధరల మీద యూనిట్ రూట్ టెస్ట్ చేసిన. పీ వాల్యూ 0.6 వచ్చింది. మార్కెట్ ఎఫిషియంట్ అని రాసిన."

"రిటర్న్స్ మీద కూడా చేసినవా?"

"చేసిన సార్. 0.01 వచ్చింది. స్టేషనరీ కాబట్టి ర్యాండమ్ వాక్ కాదని ఆ చాప్టర్ల రాసిన."

"మరి నీ పేపర్ల మార్కెట్ ఎఫిషియంటా, కాదా బిడ్డా?"

వాడి దగ్గర జవాబు లేదు. తప్పు వాడొక్కడిదే కాదు. నా దగ్గరికి వచ్చే పేపర్లలో సగానికి పైగా ఇదే వరస. పాత పేపరులో అట్లా ఉంది కాబట్టి కొత్త పేపరులోనూ అట్లాగే ఉంటుంది.

యూనిట్ రూట్ లేదని తేల్చలేకపోవడం వేరు, రేపటి మార్పును నిన్నటి మార్పుతో చెప్పలేకపోవడం వేరు. పెరిగిన మర్నాడు మళ్లీ పెరిగే గుణం ఉన్న షేరు ధరలోనూ యూనిట్ రూట్ నిక్షేపంగా ఉండగలదు. పైగా పిల్లలు వాడే ఆగ్మెంటెడ్ డికీ-ఫుల్లర్ పరీక్షలో గత రోజుల మార్పులను సమీకరణంలో కలుపుతారు. ఎందుకు? ఆ మార్పుల మధ్య ఉన్న సంబంధాన్ని అవి పీల్చేసుకుని, పరీక్షకు అడ్డం రాకుండా ఉండాలని. మనం వెతకాల్సింది సరిగ్గా ఆ సంబంధాన్నే! దొంగను పక్క గదిలోకి పంపించి, ఇంట్లో ఎవరూ లేరని రాసుకున్నట్టుంది. ఈ పనికి కావలసింది రిటర్న్స్ మీద ఆటోకోరిలేషన్, రన్స్ టెస్ట్, లేదా 1988లో లో, మెకిన్లే ఇచ్చిన వేరియన్స్ రేషియో. ఈ చివరిదాని తర్కం కూడా సులువే. రోజువారీ మార్పుల మధ్య సంబంధం లేకపోతే అయిదు రోజుల రిటర్న్ వేరియన్స్, ఒక రోజు వేరియన్స్‌కు అయిదు రెట్లు ఉండాలి. అంతకు బాగా ఎక్కువైతే ధర ఒకే దిక్కుకు సాగుతోందని, తక్కువైతే వెనక్కి మళ్లుతోందని అర్థం.

సరే, సరైన పరీక్షే చేశారు, సంబంధం కనబడింది. అప్పుడైనా కలం ఆపి చూడాలి కదా. మన ఎక్స్ఛేంజీల్లో చాలా చిన్న షేర్లకు రోజుకు ఇంత శాతం మించి కదలకూడదని సర్క్యూట్ హద్దు ఉంటుంది. అయిదు శాతం హద్దు ఉన్న షేరు 100 దగ్గర ఉంది. చెడ్డ వార్త వచ్చింది, దాని అసలు విలువ 80 అని అందరికీ ఆ పూటే తెలిసిపోయింది. అయినా ధర మొదటి రోజు 95 దగ్గర ఆగుతుంది. తర్వాత 90.25, ఆ తర్వాత 85.74, నాలుగో రోజు 81.45, అయిదో రోజుకు గానీ 80కి చేరదు. నోటుబుక్కులో వరసగా అయిదు మైనస్‌లు, ఒకటే గుంపు. కంప్యూటర్ దీన్ని చూసి మార్కెట్ ఇనెఫిషియంట్ అంటుంది. నిజానికి ఆ మొదటి నాలుగు రోజులూ అమ్మేవాళ్ల వరసే గాని కొనేవాడు లేడు. ఎవడూ సొమ్ము చేసుకోలేని సంబంధం అది. రోజుల తరబడి లావాదేవీ జరగని షేరుదీ ఇదే కథ. ధర పక్కన వాల్యూమ్ కాలమ్ ఒక్కటి పెట్టుకుంటే రెండూ పట్టుబడతాయి. ఆ కాలమ్ డౌన్‌లోడ్‌లో ఉచితంగానే వస్తుంది. తీసి పారేస్తున్నారు!

మొమెంటం, వాల్యూ అధ్యాయాలకు వస్తే నా బాధ ఇంకా ఎక్కువ. 1993లో జెగదీశ్, టిట్‌మన్ అమెరికా షేర్లతో చూపింది ఏమిటంటే, గత కొన్ని నెలల్లో బాగా పెరిగినవాటిని కొని, బాగా పడినవాటిని అమ్మితే తర్వాతి నెలల్లో నెలకు సుమారు ఒక శాతం మిగిలిందని. అంతకుముందే, 1977లో, సంజయ్ బసు లాభంతో పోలిస్తే చౌకగా దొరికే షేర్లు మెరుగ్గా రాబడి ఇచ్చాయని చూపాడు. జెగదీశ్, బసు మనవాళ్ల పేర్లే. పిల్లలు వాటిని తలుచుకోరు సరే, ఈ పనిని మన దేశపు షేర్లతో చేసేటప్పుడు జాబితా ఎక్కడిది తెస్తున్నారు? ఇవాళ్టి నిఫ్టీ 50 జాబితాను తీసుకుని ఇరవై ఏళ్లు వెనక్కి పోతున్నారు. ఇవాళ ఆ జాబితాలో ఉన్నవంటే ఇన్నేళ్లూ నిలిచి గెలిచినవి. పడిపోయినవి అందులో ఉండవు. గెలిచినవాటిని ఏరుకుని, ఏ పద్ధతిలో కొన్నా లాభమే వచ్చిందని రాస్తే అది పరిశోధన ఎట్లా అవుతుంది?

మన హైదరాబాద్ సత్యమే తీసుకోండి. అప్పట్లో అది నిఫ్టీలో ఉన్న షేరు. మేటాస్ కంపెనీల కొనుగోలు ప్రకటన గొడవతో 2008 డిసెంబర్ 17న దాదాపు 30 శాతం పడింది. జనవరి మొదటి వారంలో 179 దగ్గర ఉంది. పుస్తక విలువతో పోల్చి చౌక షేర్లు ఏరే విద్యార్థికి అది ఇంకా చౌకైనట్టు కనబడుతుంది. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖ వచ్చింది. నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనివి ఉన్నట్టు చూపించారు. కంపెనీ షేర్లు సుమారు 67 కోట్లు. అంటే ఒక్కో షేరుకు 75 రూపాయల దాకా ఉత్తుత్తి డబ్బు. పుస్తక విలువే అబద్ధమైతే, దాంతో చేసిన వాల్యూ లెక్క ఏమవుతుంది? షేరు ఆ ఒక్క రోజులోనే 40 దగ్గరికి పడింది. ఫ్యూచర్స్ ఉన్న షేరు కాబట్టి దానికి మామూలు సర్క్యూట్ హద్దు లేదు, పడాల్సిందంతా ఒకేసారి పడింది. 2013లో టెక్ మహీంద్రాలో కలిసిపోయింది, నేటి జాబితాలో ఆ పేరే లేదు. ఇదే ఉదాహరణను కొందరు "బలహీన రూపం తప్పని సత్యం నిరూపించింది" అని రాస్తారు. కానే కాదు. లోపలివాళ్లకు తెలిసిన సంగతి ధరలోకి రాలేదన్నది బలమైన రూపానికి సంబంధించిన మాట. పాత ధరల వరస చూసి జనవరి 6న ఎవడు మాత్రం ఏం చెప్పగలిగేవాడు?

ఇక, కనబడిన అదనపు రాబడికి కారణం రాయాల్సిన చోట ఒకే వాక్యం ఉంటుంది: "ఇన్వెస్టర్ల భావోద్వేగాలే కారణం." అంత తేలికా? మన యార్డుల్లో యాసంగి పల్లికాయ జనవరి నుంచి మార్చి దాకా కుప్పలు పోసి వస్తుంది, తర్వాత రాక తగ్గి ధర లేస్తుంది. క్వింటాలు 6,000కు కొని నాలుగు నెలలు ఆగి 6,400కు అమ్మాడనుకుందాం. నూటికి రూపాయిన్నర మిత్తి వేస్తే 360 అక్కడే పోయింది. గోదాం కిరాయి, తరుగు కలిపితే మిగిలేదేమీ లేదు. ధర పెరుగుతుందని ముందే తెలిసినా ఆ మార్కెట్లో తప్పేమీ లేదు. న్యాయమైన రాబడి ఎంతో ముందు చెప్పకుండా అదనం అన్న మాట అనలేం. 1970లో ఫామా చెప్పిన చిక్కు ఇదే. ఏ పరీక్ష చేసినా మార్కెట్‌నూ, మనం పెట్టుకున్న రాబడి నమూనానూ కలిపే పరీక్షిస్తున్నాం. ఫలితం తేడా వస్తే రెండింట్లో ఏది తప్పో ఆ పరీక్ష చెప్పదు.

చౌక షేర్ల అదనపు రాబడి కష్టాల్లో ఉన్న కంపెనీల రిస్కుకు కూలి అంటారు ఫామా, ఫ్రెంచ్. జనం చెడ్డకాలం ఎప్పటికీ ఉంటుందనుకుని ఆ షేర్లను అతిగా తోసేస్తారని లకోనిషోక్, ష్లైఫర్, విష్ని అంటారు. విడదీయడానికి ఒక దారి ఉంది. రిస్కే అయితే, మార్కెట్ కుప్పకూలిన నెలల్లో అవి ఎక్కువ దెబ్బ తినాలి. ఆ నెలలను విడిగా తీసి చూడండి. మొమెంటంకు ఇంకో దారి. వార్త ధరలోకి మెల్లగా ఎక్కడమే కారణమైతే వచ్చిన లాభం నిలవాలి, అత్యాశ అయితే రెండు మూడేళ్లలో వెనక్కి పోవాలి. అమెరికాలో కొంత వెనక్కి పోయింది. 2009 వసంతంలో అక్కడ అదే పద్ధతి ఘోరంగా దెబ్బ తిన్నది కూడా. పడిపోయిన షేర్లే ముందుగా లేచాయి.

అగర్వాల్లా, జేకబ్, వర్మ తయారు చేసిన ఐఐఎం అహ్మదాబాద్ డేటా లైబ్రరీలో మన దేశపు మొమెంటం, వాల్యూ రాబడులు ఉచితంగా దొరుకుతున్నాయి. మేం నోటుబుక్కులు నింపిన కాలంలో అట్లాంటిది దొరికితే కళ్లకద్దుకునేవాళ్లం.

గైడ్లుగా ఉన్న లెక్చరర్లకు నా విన్నపం ఒకటే. వైవాలో మొదటి ప్రశ్నగా, నువ్వు తీసుకున్న షేర్లలో ఇవాళ లేనివి ఎన్ని అని అడగండి. రెండో ప్రశ్నగా 40 రోజుల ధరలు కాగితం మీద ఇచ్చి రన్స్ లెక్కపెట్టమనండి. ఈ రెండూ చెప్పలేనివాడి పేపరు మీద సంతకం పెట్టకండి.