12 నుంచి 17 వరకు నాలుగు రోజులు

సంక్రాంతి దగ్గర పడితే మా సిద్దిపేట ఆఫీసుల్లో రెండు రకాల కాగితాలకు కాళ్లొస్తాయి. ఒకటి కొమురవెల్లి మల్లన్న జాతర ఫైలు, రెండోది సెలవు చీటీ. మొదటిదాన్ని మల్లన్నే ఒడ్డెక్కిస్తాడు. రెండోదాన్ని ఎవరు ఒడ్డెక్కించాలో దేవుడికీ తెలియదు.

2024 జనవరిలో మా సెక్షన్ కుర్రాడొకడు పెట్టిన చీటీలో ఉన్నది ఒకటే వాక్యం: "జనవరి 12 నుంచి 17 వరకు నాలుగు రోజులు సెలవు ఇప్పించగలరు." సూపరింటెండెంటు మేడం కళ్లద్దాలు పైకి నెట్టి, వేళ్లు మడిచి చూశారు. ఆరు రోజులు తేలాయి.

"నాలుగెట్లయినయ్ తమ్మీ?"

"శనివారం, ఆదివారం తీసేసిన మేడం."

"సోమవారం సంక్రాంతి. దాన్ని తియ్యవా?"

"అవు గదా! అయితే మూడే."

"మంగళవారం కనుమ. దాన్నేం చేసినవ్?"

"అది సెలవే గదా మేడం, మా ఇంట్ల క్యాలెండర్ల ఎర్రగ ఉన్నది."

క్యాలెండరు అచ్చువేసినవాడు ఎర్ర సిరా పోసినంత మాత్రాన ప్రభుత్వం సెలవు పోయదు. ఆ ఏడాది 14న భోగి, 15న సంక్రాంతి సాధారణ సెలవులు. 16న కనుమ మాత్రం ఐచ్ఛిక సెలవుల జాబితాలో ఉంది. ఏడాదికి అలాంటివి ఐదే వాడుకోవచ్చు, అదీ ముందుగా అడిగి. అడగకుండా ఇంట్లో కూర్చుంటే అది కనుమ కాదు, గైర్హాజరు.

మేడం ఇంకా వదల్లేదు. "17 నాడు వస్తవా, 18 నాడు వస్తవా?"

"17 దాక అని రాసిన గదా మేడం."

"అదే అడుగుతున్న. 17 నాడు నీ కుర్చీల నువ్వుంటవా, నీ తువ్వాల ఉంటదా?"

కుర్రాడు తువ్వాలు వైపే మొగ్గాడు.

అసలు మెలిక తరువాత వచ్చింది. ఏ సెలవో అతను రాయలేదు. ఇవే ఆరు రోజులు సీఎల్ అయితే ఒక లెక్క, ఈఎల్ అయితే ఇంకో లెక్క. సీఎల్‌లో నడుమ వచ్చిన ఆదివారాలు, పండుగలు ఖర్చు కింద రావు. 12, 17 తేదీలకు రెండు సీఎల్‌లు, కనుమకు ఒక ఐచ్ఛిక సెలవు చాలు. సెలవులన్నీ కలుపుకొని ఒక విడతలో పది రోజులు దాటకూడదు, అంతే. ఈఎల్ అలా కాదు. 12న మొదలుపెట్టి 17న ముగిస్తే నడుమ ఉన్న భోగి, సంక్రాంతి కూడా ఖాతాలోంచే పోయి ఆరుకు ఆరూ కరుగుతాయి. అదే 12న ఆఫీసుకొచ్చి, 16, 17 తేదీలకే ఈఎల్ అడిగి, ముందున్న 13, 14, 15 సెలవులను ప్రిఫిక్స్ చేసుకోవడానికి అనుమతి తీసుకుంటే పోయేది రెండే. శుక్రవారం ఒక్క పూట బద్ధకిస్తే నాలుగు రోజుల ఈఎల్ హారతి కర్పూరం!

రెండో శనివారమైనా నమ్మదగిందా అంటే అదీ లేదు. ఆ ఏడాది జనవరి 1న సెలవిచ్చిన ప్రభుత్వం, దానికి బదులుగా ఫిబ్రవరి 10న రెండో శనివారాన్ని పనిదినం చేసింది. జనవరిలో కేకు తిన్నవాళ్లంతా ఫిబ్రవరిలో వడ్డీ కట్టారు.

ఇక ఇంట్లో చూడండి. భార్య బ్యాంకులో ఉంటే రెండో, నాలుగో శనివారాలు సెలవు. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు కొడుక్కి అన్ని శనివారాలూ సెలవే. బడిలో పిల్లకు సంక్రాంతి సెలవుల లెక్క వేరు. ఈ ఇంట్లో ఎవరైనా "శనివారం ఖాళీయే గదా" అంటే తగవు ఖాయం.

చివరికి మేడం కుర్రాడి చేత ఇలా తిరగరాయించారు: "12-01-2024 శుక్రవారం, 17-01-2024 బుధవారం: రెండు రోజులు సీఎల్. 16-01-2024 మంగళవారం, కనుమ: ఐచ్ఛిక సెలవు. 13 రెండో శనివారం, 14 ఆదివారం, భోగి, 15 సంక్రాంతి: ప్రభుత్వ సెలవులు. 18-01-2024 గురువారం ఉదయం డ్యూటీలో చేరతాను."

తేదీ పక్కన వారం రాయమన్నది అందం కోసం కాదు. 17 పక్కన గురువారం అని పడితే చదివేవాడికి తప్పు అక్కడే దొరుకుతుంది. ఒట్టి 17 అయితే మీరు ఊరెళ్లాక దొరుకుతుంది.

కాబట్టి అయ్యా, అమ్మా, సెలవు చీటీలో ఎన్ని రోజులు అన్న అంకె ఒక్కటీ రాసి ఊరుకోకండి. ఏ తేదీ, ఏ వారం, ఏ రకం సెలవు, ఏ ఉదయం తిరిగి వస్తారు, ఈ నాలుగూ రాయండి. మీ బదులు పని చూసే పక్క సీటువాడికి కావలసింది మాత్రం ఆ చివరిదొక్కటే.