ఆలసించిన చుట్టమా! (టీకా తాత్పర్య సహితము)

తే.గీ.
ఆలసించిన చుట్టమా! యరుగు మీదఁ
జెప్పు లుంచుము, ఫోనుకు సెలవు నిమ్ము,
కనులతోడనె యందఱఁ గలసికొనుము,
నోటి కుశలము లన్నియు నోము పిదప.

ప్రతిపదార్థం: ఆలసించిన చుట్టమా = పది గంటల సత్యనారాయణ వ్రతానికి పదకొండున్నరకు దిగిన ఓ బంధువా; అరుగు మీదన్ = (అపార్టుమెంటైనచో) లిఫ్టు ముందరి నేల మీద; చెప్పులు + ఉంచుము = విడిచి గోడవారకు జరుపుము; ఫోనుకున్ = సెల్‌ఫోనుకు; సెలవున్ + ఇమ్ము = నోరు మూయించుము; కనులతోడనె = కళ్ళతో మాత్రమే; అందఱన్ = పంతులుగారు మొదలు అమ్మమ్మ దాకా గలవారిని; కలసికొనుము = పలకరించుము; నోటి కుశలములు + అన్నియున్ = ‘బావున్నారా, అబ్బాయికి సంబంధాలు చూస్తున్నారా’ ఇత్యాదులు; నోము పిదపన్ = మంత్రపుష్పం ముగిసిన తరువాత.

తాత్పర్యం: ఓ బంధువా, ఆలస్యంగా వస్తే వచ్చావు. ఆ సంగతి నీ నోటితో చాటవద్దు.

వ్యాఖ్య: ‘ఆలసించిన’ అన్నాడే గాని ఎందుకు ఆలసించాడో కవి చెప్పలేదు. ఇది లోపం కాదు, కవి లోకజ్ఞత. గుమ్మంలో నిలబడి ఉప్పల్ ట్రాఫిక్ వర్ణన మొదలుపెట్టే బంధువులను ఆయన బాగా ఎరుగును. కారణం ఎంత నిజమైనదైనా, కథ మధ్యలో చెప్తే అది రెండో కథ అవుతుంది.

చెప్పుల ప్రస్తావన ముందు రావడం కేవలం శుచి కోసం కాదు. చెప్పులు తొడుక్కొని గానీ, తలకు బట్ట చుట్టుకొని గానీ, చేతిలో వస్తువు పట్టుకొని గానీ నమస్కరించకూడదని ఆపస్తంబ ధర్మసూత్రం. ఇందులో మూడోదే మన బంధువుకు ముప్పు. అతని చేతిలో పళ్ళ కవరుంది. ఆ ప్లాస్టిక్ కవరు చేసే గరగర ముందు పంతులుగారి గంట ఏపాటి? అందులోనూ దాన్ని నేరుగా పీటల మీది దంపతులకే అందించాలని అతని ఆరాటం. వారి చేతుల్లో అక్షతలున్నాయి, పక్కన పంచపాత్ర ఉంది, కొంగుముడి ఉంటే లేవడానికీ లేదు. కాబట్టి కవరు వంటింటికి పోవలెను, లేదా తలుపు వెనక గోడకు ఆనవలెను. అరటిపళ్ళు ఒక గంట ఆగితే అలగవు.

ఇక ప్రవేశకాలం. మూలంలో లేదు గాని సంప్రదాయజ్ఞులు చెప్పేది వినండి. వ్రతంలో రెండు భాగాలు: ముందు పూజ, తరువాత కథ. పూజలో సంకల్పం జరుగుతుంటే, అంటే గోత్రనామాలు చదువుతుంటే, గుమ్మం దాటరాదు. అప్పుడు ఎవరైనా ‘బావా!’ అన్నారంటే యజమాని పలికేస్తాడు, పంతులుగారు గోత్రం మళ్ళీ అందుకోవాలి. కథకు వస్తే దారి తేలిక. ఐదు అధ్యాయాలు. ఒక్కో అధ్యాయం కాగానే కొబ్బరికాయ కొడతారు, హారతి ఇస్తారు. అందరి కళ్ళూ దేవుడి మీద, చెవులు కాయ పగిలిన చప్పుడు మీద ఉండే ఆ అర నిమిషమే రాజమార్గం. ఆ సందులో వచ్చి, ద్వారానికి దగ్గరగా ఎక్కడ చోటుంటే అక్కడ కూర్చోవాలి. ముందు వరుసలోంచి పెద్దమ్మ చెయ్యి ఊపి పిలుస్తుంది. పోకూడదు. దంపతులకూ మండపానికీ మధ్యగా, అక్షతల పళ్ళెం దాటుకుంటూ పోవలసి వస్తుంది. పెద్దమ్మకు చిన్న నవ్వు, తల అడ్డంగా ఒక్క ఊపు, చాలు.

‘కనులతోడనె’. ఈ మాటలోనే పద్యం ప్రాణముంది. ముందు మండపం వైపు రెండు చేతులూ గుండె దగ్గర జోడించాలి, నెత్తికెత్తి కాదు. తరువాత పంతులుగారు చూస్తేనే ఆయనకు తల వంపు. చూడకపోతే చూసేదాకా ఎదురుచూడరాదు. అందరికంటే పెద్దవారు ఎక్కడున్నారో కనుక్కొని వారికి రెప్పలు వాల్చి తల వంచడం. పాదనమస్కారం ఇప్పుడు పనికిరాదు. కుర్చీలో ఉన్న అమ్మమ్మ పాదాలు అందుకోవాలంటే కింద కూర్చున్న నలుగురు సర్దుకోవాలి, అమ్మమ్మ ‘ఎవరూ?’ అని అడగాలి, జవాబు రెండుసార్లు అరవాలి. ఈడువారికి కనుబొమ్మలు చాలు. ఎవరో అక్షతల పళ్ళెం జరుపుతారు. నాలుగు గింజలు తీసి గుప్పిట్లో ఉంచుకుంటే, అందరితోపాటు మొదటినుంచీ ఉన్నవాడిలాగే కనిపిస్తాడు.

ఇక్కడ ఒక మాట. భంగం నిజంగా వచ్చినవాడి వల్ల కలిగేది తక్కువ, కూర్చున్నవారి వల్ల ఎక్కువ. ‘ఇప్పుడా రావడం!’, ‘టిఫిన్ చేశావా?’, ‘ఫ్యాను కిందికి రా’ అనే మూడు వాక్యాలూ ప్రేమే. మూడూ కలిస్తే పంతులుగారు గొంతు పెంచుతారు. ఆయన గొంతు పెంచినా, చదివిన వాక్యమే మళ్ళీ చదివినా, మన పలకరింపు శ్రుతి మించిందనడానికి అదే ఆనవాలు.

పూర్వపక్షం: నోరు విప్పి పలకరించకపోతే ‘వచ్చాడు, కూర్చున్నాడు, మనిషిని చూసి మాటైనా లేదు’ అని పదేళ్ళు చెప్పుకోరా?

సమాధానం: చెప్పుకుంటారు. అందుకే కవి పలకరింపును రద్దు చేయలేదు, వాయిదా వేశాడు. వ్రతకథనే సాక్ష్యం తెచ్చుకుందాం. ఐదో అధ్యాయంలో తుంగధ్వజుడు వేటాడి వస్తూ, మర్రిచెట్టు కింద గొల్లలు వ్రతం చేస్తుంటే చూశాడు. అతనూ మధ్యలో వచ్చినవాడే. కాని గర్వంతో దగ్గరకు రాలేదు, తల వంచలేదు, వారు తెచ్చి పెట్టిన ప్రసాదం తినలేదు. నూరుగురు కొడుకులనూ సంపదనూ పోగొట్టుకున్నాడు. నాలుగో అధ్యాయంలో కళావతి, భర్త వచ్చాడని విని ప్రసాదం వదిలి పరుగెత్తింది. ఒడ్డున ఓడ మునిగింది. ఐదు అధ్యాయాలూ గాలించినా, ఆలస్యంగా వచ్చాడని శిక్ష పడ్డవాడు ఒక్కడూ లేడు. తల వంచనివాడికీ, ప్రసాదం వదిలిపోయినవారికీ ఉంది. కాబట్టి మన బంధువు తల వంచితే సగం బాకీ తీరినట్టే.

మిగతా సగం ‘నోము పిదప’. నోము వేరు, వ్రతం వేరని పండితులు పేచీ పెడతారు. యతి కోసం కవి అలా అన్నాడని సర్దుకుందాం. మంత్రపుష్పం అయ్యాక, కళ్ళతో పలకరించినవారందరినీ వయసు క్రమంలో వెతుక్కుంటూ వెళ్ళాలి. మొదట అమ్మమ్మ. ఇదీ ప్రసాదం చేతిలో పడకముందే జరగాలి. గోధుమరవ్వ, నెయ్యి, అరటిపండు కలిసిన ముద్ద కుడి అరచేతిలో ఉంటే మళ్ళీ ఆపస్తంబుడు అడ్డొస్తాడు.

విస్తరి ముందు మామయ్య తప్పక అడుగుతాడు: ‘ఎప్పుడొచ్చావురా, నేను చూడనే లేదు?’ ఇది నింద కాదు, బిరుదు. గడియారం చూసి పదకొండున్నర అని చెప్పక్కర్లేదు.

‘సాధువు జైల్లో ఉండగానే వచ్చాను మామయ్యా.’

‘అయితే ఫరవాలేదు. మీ అన్న ఓడ మునిగాక వచ్చాడు.’