ఫీడ్‌బ్యాక్ ఫారం: అయిదు నిమిషాల్లో అవగొట్టే చిట్కాలు

1. ఇంటర్వ్యూ జరుగుతుండగా ఏమీ రాసుకోకండి. అభ్యర్థి అన్న మాట అన్నట్టే కాగితం మీదుంటే తర్వాత దాన్ని కాదనడం కష్టం. మంగళవారం ఇంటర్వ్యూకి శుక్రవారం సాయంత్రం ఫారం తెరవండి. అప్పటికి గుర్తుండేవి ముఖం, యాస, కాలేజీ పేరు. అవి చాలు.

2. ముందు మిగతా ప్యానెల్ వాళ్ల మార్కులు చూడండి. మీది పంపేదాకా అవి కనబడకుండా హెచ్‌ఆర్ తాళం వేసి ఉంటే టీ దగ్గర మేనేజర్ని పట్టుకోండి: "ఆ అమ్మాయి ఎలా ఉంది సార్?" ఆయన పెదవి విరిచారా, నాలుగుకి మీరు రెండు వేసేయండి. నలుగురూ విడివిడిగా ఆలోచించి ఒకే మాటకొచ్చారని ఫైలు చెబుతుంది.

3. జరిగింది రాయకండి, విశేషణం రాయండి. ఉద్యోగుల పట్టికలో రెండో అత్యధిక జీతం తీయమని అడిగారనుకోండి. ఆమె మొదట ఇలా రాసింది:

```sql
SELECT salary FROM emp
ORDER BY salary DESC
LIMIT 1 OFFSET 1;
```

వెంటనే తనే ఆగి, "ఇద్దరికి ఒకే టాప్ జీతం ఉంటే ఇది మళ్లీ అదే చూపిస్తుంది కదండీ" అని `SELECT` పక్కన `DISTINCT` చేర్చింది. మీరు సాయం చేయలేదు. ఇదంతా నాలుగు వాక్యాల్లో రాస్తే గదిలో లేనివాడు కూడా సొంతంగా మార్కు వేయగలడు. ఇక మీ అవసరమేముంది? "ఫండమెంటల్స్ వీక్, కంగారు ఎక్కువ" అని కొట్టిపారేయండి. మొదటి జవాబు తప్పేగా! అబద్ధం కూడా కాదు.

4. ఆ మర్నాడు మీ కాలేజీ జూనియర్ వస్తాడు. అతనూ అదే తప్పు రాస్తాడు, కానీ మీరు "ఇద్దరికి ఒకే జీతం ఉంటే?" అని అందించాకే దిద్దుకుంటాడు. ఆ అందించిన సంగతి మింగేసి, "తప్పును చక్కగా సరిదిద్దుకున్నాడు" అని రాసి నాలుగు వేయండి. ఈ రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక ఎవరికీ ఉండదు. అయినా ముందుజాగ్రత్తగా ఇద్దరినీ ఒకే ప్రశ్న అడగడం ఇకనుంచి మానేయండి, పోల్చడానికే వీలుండదు.

5. పెళ్లి, పిల్లలు, రెండేళ్ల గ్యాప్ గురించి నేరుగా రాయకండి, హెచ్‌ఆర్ పట్టుకుంటుంది. "లాంగ్ టర్మ్ కమిట్‌మెంట్ డౌట్" అనండి. యాస నచ్చకపోతే "కమ్యూనికేషన్ యావరేజ్". ఏదీ దొరక్కపోతే "కల్చర్ ఫిట్ కాదు". ఈ మాటకి అర్థమేంటని మా ప్యానెల్‌లో ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

6. తుది మీటింగులో ఎవరైనా కొత్తగా చేరినవాళ్లు "ఆమె సరిగ్గా ఏమన్నారండీ?" అని అడగొచ్చు. "హలో, హలో... వినబడుతోందా?" అని కాల్ కట్ చేయండి. మళ్లీ కలిసేసరికి ఓటింగ్ అయిపోయి ఉంటుంది.