వైవా ముందు రాత్రి మందుల పేర్లు అప్పజెప్పుకొనే విధానం

ఫార్మకాలజీ వైవా ముందు రాత్రి ఇద్దరు రూమ్మేట్లు మందుల పేర్లు ఒకరినొకరు అడుగుకోవడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఒక కేడీ త్రిపాఠి పుస్తకం, రెండు మంచాలు, గట్టిగా తిరిగే ఫ్యాను, పొద్దున తొమ్మిదింటికి తప్పించుకోలేని ఒక బల్ల ఉంటే చాలు. పుస్తకం ఇద్దరికీ కలిపి ఒకటే ఉండటం మేలు. రెండుంటే ఇద్దరూ చదువుకొనే ప్రమాదం ఉంది. ఈ వివరణకు ఉదాహరణగా తీసుకొన్న జంట గుంటూరులో ఒక హాస్టల్లో ఉండే రెండో ఏడాది ఎంబీబీఎస్ కుర్రాళ్లు. ఒకడిది రెంటచింతల, రెండోవాడిది గురజాల. పల్నాటి ఊళ్లే కాబట్టి మొహమాటం లేదు, తిట్లకు అనువాదం అక్కర్లేదు.

అడిగేవాడు, చెప్పేవాడు

పుస్తకం పట్టుకొన్నవాడే ఎప్పుడూ అడగాలి. జవాబు కళ్ల ముందే ఉంటుంది కాబట్టి తనకు అంతా వచ్చన్న ధీమా వాడికి రాత్రంతా నిలుస్తుంది. పుస్తకం చేతులు మారితే ఆ ధీమా కూడా మారిపోతుంది.

ప్రశ్న అడిగాక ఆగకూడదు. “ప్రొప్రనొలోల్ ఏ గ్రూపురా? బీటా...” అని రెంటచింతల వాడు అందిస్తే, “బ్లాకర్!” అని గురజాల వాడు పూర్తి చేస్తాడు. ఇద్దరికీ తృప్తి. అయిదు సెకన్లు ఊరుకొంటే అవతలివాడికి అసలు రాదన్న సంగతి బయటపడుతుంది. దానివల్ల స్నేహం దెబ్బతినకపోయినా రాత్రి పాడవుతుంది. తప్పు చెప్పిన పేరును మళ్లీ ఎత్తకపోవడం మర్యాద. నాలుగైదు ప్రశ్నలు గడిచాక దాన్నే తిరిగి అడిగి, పడుకొనే ముందు మరోసారి అడిగితే అది బుర్రలో కూర్చుంటుంది. అప్పుడు అడగడానికి ఏమీ మిగలదు.

పేరు చివర చూసి గ్రూపు పట్టడం

మందులకు అంతర్జాతీయంగా ఒకే పేరు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన ఏర్పాటులో తొలి జాబితా 1953లో వచ్చింది. ఒకే రకంగా పనిచేసే మందుల పేర్లకు ఉమ్మడిగా ఒక ముక్క తగిలించడం ఆ ఏర్పాటులో భాగం. తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందుంటే వీటికి ఎక్కువగా చివర ఉంటుంది. అటెనొలోల్, మెటొప్రొలోల్ బీటా బ్లాకర్లు. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఏసీఈ ఇన్‌హిబిటర్లు. లొసార్టన్, టెల్మిసార్టన్ యాంజియోటెన్సిన్ రిసెప్టర్‌ను అడ్డుకొనేవి. ఒమెప్రజోల్, పాంటొప్రజోల్ కడుపులో ఆసిడ్ పంపును ఆపేవి.

ఈ నాలుగు తోకలు వచ్చాక పుస్తకం మూసేయడం ఉత్తమం. ఇంకొంచెం ముందుకు పోతే చిక్కులు మొదలవుతాయి. “స్టానొజొలోల్?” అని అడిగితే గురజాల వాడు తడుముకోకుండా “బీటా బ్లాకర్” అంటాడు. అది కండలు పెంచుకొనేవాళ్లు దొంగతనంగా వాడే స్టెరాయిడ్. “అరిపిప్రజోల్?” అంటే “గ్యాస్ బిళ్ల” అంటాడు. అది స్కిజోఫ్రీనియాకు ఇచ్చే మందు; దాని తోక ప్రజోల్ కాదు, పిప్రజోల్. ఇక ఒట్టి ‘అజోల్’ను నమ్ముకొంటే ఫంగస్‌కు వాడే ఫ్లుకొనజోల్, నులిపురుగులకు వాడే ఆల్బెండజోల్, అమీబాకు వాడే మెట్రొనిడజోల్, థైరాయిడ్‌కు వాడే కార్బిమజోల్ అన్నీ ఒకే వరసలో నిలబడతాయి. ఆ అక్షరాలు అణువులో ఒక రకం ఉంగరం ఉందని మాత్రమే చెబుతాయి, జబ్బు సంగతి చెప్పవు. కనుక ఎంత పొడుగు తోక చూడాలో తెలుసుకోవాలి, లేదా ఎగ్జామినర్ పొట్టి తోకలే అడగాలని మొక్కుకోవాలి. రెండోది తేలిక.

ఒకేలా వినిపించే పేర్లు

పన్నెండు దాటాక పేర్లు నోట్లో ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఇది సాధనకు మంచి సమయం. క్లోర్‌ప్రొమజిన్ పిచ్చికి, క్లోర్‌ప్రొపమైడ్ షుగరుకు, క్లోర్‌ఫెనిరమిన్ జలుబుకు. మూడూ వేగంగా పలికితే మూడింటికీ ఒకే జవాబు సరిపోయినట్టు ఉంటుంది. షుగరు లేనివాడికి క్లోర్‌ప్రొపమైడ్ రాసిస్తే చక్కెర పడిపోయి స్పృహ తప్పుతుంది గానీ, అది హౌస్ సర్జన్సీలో చూసుకోవచ్చు.

నోటితో అడిగితే ఈ తేడా చెవికి అందదు. తేలికైన ఉపాయం ఉంది: పేరును తెల్లకాగితం మీద రాసి చూపించడం, చెప్పేవాడు దాని పక్కనే దేనికి వాడతారో రాయడం. రాసిన తప్పు కంటికి కనబడుతుంది. అందువల్లే కాగితం జోలికి పోకుండా, లైటు ఆర్పి, చీకట్లో పడుకొని అడుగుకోవడం హాస్టళ్లలో ఎక్కువ ప్రచారంలో ఉంది.

గుర్తుంచుకొనే కిటుకుతో ఒక కేసు చూడటం

పల్నాటి కుర్రాళ్లను పల్నాటి కేసే అడుగుతారన్న నమ్మకం పాతది. పత్తి, మిర్చి పండించే చోట అది మరీ మూఢనమ్మకం కాదు. రెంటచింతల వాడు అడిగాడు: “పత్తికి మోనోక్రోటోఫాస్ కొట్టొచ్చిన మనిషి. నోట్లో నురగ, కంటిపాప గుండుసూది మొనంత, గుండెల్లో గురగుర, నాడి నిమిషానికి యాభై. ఏం చేస్తావు?”

గురజాల వాడు కిటుకు అందుకొన్నాడు. డంబెల్స్ అనే మాటలో ఒక్కో అక్షరానికి ఒక్కో లక్షణం: విరేచనాలు, మూత్రం పోవడం, కంటిపాప చిన్నబడటం, ఊపిరితిత్తుల్లో నీరూరి నాడి తగ్గడం, వాంతి, కన్నీరు, చొంగ. అన్నీ గడగడా చెప్పాడు. ఇక్కడితో ఆగి టీకి పోవడం పద్ధతి. ఎందుకంటే కిటుకులో ఉన్నవన్నీ ఏసీటైల్‌కోలిన్ మస్కరినిక్ రిసెప్టర్ల మీద చేసే అల్లరే. నికోటినిక్ రిసెప్టర్ల మీద చేసేది అందులో లేదు. కండరాలు చర్మం కింద పురుగుల్లా కదలడం, తరువాత మెడ ఎత్తలేకపోవడం, చివరికి ఊపిరి పీల్చే కండరాలే చచ్చుబడటం ఆ రెండో రకం. రోగిని చంపేదాంట్లో అదీ ఒకటి. ఎక్స్‌టర్నల్ అడిగేది కూడా సరిగ్గా దాన్నే.

“మందు?” “అట్రోపిన్.” “ఎంత?” “0.6 మిల్లీగ్రాములు.” ఈ జవాబు హాస్టళ్లలో తరతరాలుగా వస్తోంది, ఎందుకంటే ఆంప్యూల్ మీద అంతే రాసి ఉంటుంది. ఆపరేషన్‌కు ముందు నోరు ఎండబెట్టడానికి అది సరిపోతుంది. పురుగుమందుకు సరిపోదు. పెద్దవాళ్లకు మొదటి మోతాదు 1.8 నుంచి 3 మిల్లీగ్రాములు. 1.8 అనుకొంటే మూడు ఆంప్యూళ్లు. అయిదు నిమిషాల్లో గుణం కనబడకపోతే రెట్టింపు, అంటే ఆరు. ఇంకో అయిదు నిమిషాలకూ లేకపోతే పన్నెండు. పది నిమిషాల్లో ఇరవైయొక్క ఆంప్యూళ్లు, 12.6 మిల్లీగ్రాములు లోపలికి పోయాయి. “అంతా? చచ్చిపోడూ?” అన్నాడు గురజాల వాడు. ఇవ్వకపోతేనే పోతాడు. అదుపులోకి వచ్చాక, ఇచ్చిన మొత్తంలో పదో వంతు నుంచి అయిదో వంతు దాకా, ఇక్కడ సుమారు 1.3 నుంచి 2.5 మిల్లీగ్రాములు, గంటకు లెక్కన సెలైన్‌లో నడపాలి.

ఎక్కడ ఆపాలన్నదానికి తేలికైన తప్పు జవాబు “కంటిపాప బాగా పెద్దదయ్యాక.” కన్ను ఆలస్యంగా మారవచ్చు, దాన్నే చూస్తూ కూర్చొంటే మోతాదు మించిపోతుంది. చూడాల్సింది ముందు గుండెల మీద స్టెత్ పెట్టి: గురగుర పోయి ఊపిరి స్పష్టంగా వినబడాలి. నాడి 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి, చంక తడి ఆరాలి, కంటిపాప గుండుసూది మొనలా ఉండకపోతే చాలు.

మించితే ఎట్టా తెలుస్తుందన్న ప్రశ్నకు రెంటచింతల వాడికి పుస్తకం అక్కర్లేకపోయింది. అట్రోపిన్ చెమటను ఆపేస్తుంది. రాష్ట్రంలో ఎండకు పేరుమోసిన ఊళ్లో పుట్టినవాడికి చెమట పట్టకపోతే ఒళ్లు ఏమవుతుందో ఒకరు చెప్పాలా? జ్వరం ఎక్కుతుంది, మనిషి సంధి ప్రేలాపనలోకి పోయి మంచం మీద నుంచి లేవబోతాడు, పొట్ట మీద స్టెత్ పెడితే పేగుల చప్పుడు ఉండదు. అప్పుడు సెలైన్‌లో అట్రోపిన్ ఆపి, లక్షణాలు తగ్గాక తక్కువ వేగంతో మళ్లీ మొదలుపెట్టాలి. జ్వరం చూసి ఇన్‌ఫెక్షన్ అనుకొని యాంటీబయాటిక్ రాయడం మాత్రం చాలా సులభం.

మిగిలింది కండరాల సంగతి. అట్రోపిన్ దాన్ని ముట్టుకోదు. పురుగుమందు పట్టుకొన్న ఎంజైమును విడిపించడానికి ప్రాలిడాక్సిమ్ ఉంది. ఆ పట్టు గంటలు గడిచేకొద్దీ బిగుసుకొని, ఒక దశ దాటాక విడిపించడం కుదరదు. అందుకే తొందరగా ఇవ్వాలంటారు. అయితే దానివల్ల ప్రాణాలు నిలబడతాయని పరీక్షల్లో ఒకేలా తేలలేదు. కనుక దాన్ని నమ్ముకొని వెంటిలేటర్‌ను మరవకూడదు. నిద్రమత్తులో గురజాల వాడు దీన్ని “పిరిడాక్సిన్” అన్నాడు. అది బీ6 విటమిను.

బల్ల దగ్గర

రాత్రంతా మేలుకొని వెళ్లినవాడికి పేర్లు గొంతు దాకా వచ్చి ఆగుతాయి. మూడు గంటలైనా పడుకొన్నవాడికి చదివింది కొంచెమైనా నోటికి వస్తుంది. అందుకని తెల్లవారుజామున నాలుగింటికి కొత్త అధ్యాయం, వీలైతే కేన్సరు మందులు, మొదలుపెట్టడం సంప్రదాయం.

వైవాలో తెలియని ప్రశ్నకు “తెలియదు సార్” అనకూడదు. అంటే ఎక్స్‌టర్నల్ ఇంకో ప్రశ్నకు పోతాడు, అది తెలిసినదై ఉండే అవకాశం ఉంది. దానికి బదులు గుర్తొచ్చిన ఏదో ఒక మందు పేరు గట్టిగా పలకాలి. అభ్యర్థి నోట వచ్చిన ప్రతి పేరూ తరువాతి ప్రశ్న అవుతుంది: దాని గ్రూపు, పనిచేసే విధానం, ముఖ్యమైన చెడు ఫలితం, ఎవరికి ఇవ్వకూడదో. ఆ నాలుగూ వచ్చిన పేర్లనే నోటి వెంట రానిస్తే వైవా అభ్యర్థి నడిపినట్టు నడుస్తుంది. ఎగ్జామినర్‌కు ఆ శ్రమ లేకుండా చేయడం పెద్దల పట్ల అమర్యాద కాబట్టి, ఈ పద్ధతిని ఎవరూ పాటించరు.