వినకూడని సలహాలు: పెళ్లి భోజనం ప్లేటు రేటు కట్టేటప్పుడు

కొత్తగా కేటరింగ్ మొదలుపెట్టిన కుర్రాడు మొదటి పెళ్లి ఆర్డరు పట్టుకోగానే సలహాలిచ్చేవాళ్లు చుట్టూ చేరతారు. ఎవరూ చెడు కోరి చెప్పరు. కానీ ఆ సలహాలు విని రేటు చెప్పినవాళ్లు సీజనంతా రాత్రింబవళ్లు కష్టపడి చివర్లో కిరాణా కొట్టుకి బాకీ పడటం చూస్తే బాధేస్తుంది. అందుకే తరచూ వినిపించే కొన్ని సలహాలు తీసుకుని, వాటిని పాటిస్తే లెక్క ఎక్కడ తేలుతుందో చెబుతాను. లెక్కకి ఒక ఆర్డరు అనుకుందాం. 500 మందికి శాకాహార పెళ్లి భోజనం, ఆకుల్లో వడ్డన. బూరె, పులిహోర, ముద్దపప్పు, బెండకాయ వేపుడు, వంకాయ కూర, సాంబారు, పచ్చడి, అప్పడం, పెరుగు. నేను వేసే ధరలు లెక్క తెలియడానికే. మీరు కట్టేటప్పుడు మీ ఊళ్లో ఆ వారం ధరలు వేసుకోండి.

“ఆకులో ఎంత వేస్తామో అంతే కొను, వృథా ఉండదు.”

ఈ సలహా వినడానికి పొదుపుగా ఉంటుంది. బెండకాయ వేపుడు మనిషికి 40 గ్రాములు వడ్డిస్తాం కాబట్టి 500 మందికి 20 కిలోలు చాలంటారు. ఆ 40 గ్రాములు వేగిన తర్వాతి తూకం. బెండకాయలో ఎక్కువ భాగం నీరే. తొడిమలు, ముదురు కాయలు తీసేశాక కొంత పోతుంది, నూనెలో వేగేసరికి మిగిలినది సగానికి తక్కువే తేలుతుంది. మనిషికి 100 గ్రాముల చొప్పున 50 కిలోలు కొంటేనే మూడో బంతి దాకా వేపుడు ఉంటుంది. 20 కిలోలే కొంటే రెండో బంతి మొదలవ్వకుండానే గిన్నె అడుగు కనిపిస్తుంది. అప్పుడు బజారుకి మనిషిని పరిగెత్తిస్తే దొరికిన కాయ దొరికిన ధరకి వస్తుంది, పొయ్యి మళ్లీ వెలిగించాలి, పెళ్లివారి ముందు మాట పడాలి. కిలో 50 రూపాయలనుకుంటే, సరిగ్గా కొన్నందుకు ప్లేటుకి పెరిగేది 3 రూపాయలు, దానికి తోడు కాస్త నూనె. ఆ కాస్త మిగుల్చుకోబోయి ఆర్డరే పాడుచేసుకుంటారు.

బియ్యం దీనికి ఎదురు తిరుగుతుంది. 100 గ్రాముల బియ్యం వండితే రెండున్నర రెట్లకి పైగా అన్నం అవుతుంది. అన్నం తూకంతో బియ్యం కొంటే బస్తాలు మిగిలిపోతాయి. కాబట్టి ప్రతి వంటకానికీ కొన్న తూకం, వండాక తూకం రెండూ మీ పుస్తకంలో ఉండాలి. ఏ కూరైనా మొదటిసారి మెనూలో పెట్టే ముందు ఒక్క కిలో వండి తూచండి. ముదురు కాయ వచ్చే రోజుల్లో మళ్లీ తూచండి.

అలా కట్టుకుంటూ పోతే మన ఆర్డరుకి కిరాణా 32,000, కూరగాయలు 8,000, పాలు పెరుగు 5,000, ఆకులు నీళ్ల సీసాలు 9,000 అయ్యాయి. మొత్తం 54,000, అంటే ప్లేటుకి 108 రూపాయల సరుకు.

“కూలీ ఖర్చు ప్లేటుకి ఇంతని వేసేయ్, ఎన్ని ప్లేట్లయినా అదే రేటు.”

అన్నిటికంటే ఎక్కువ ముంచే సలహా ఇది. 500 ప్లేట్లకి వంటమేస్త్రికి 6,000, అయిదుగురు సహాయకులకి 6,000, వడ్డనకి 15 మంది కుర్రాళ్లకి 10,500, గిన్నెలు తోమి హాలు ఊడ్చేవాళ్లు నలుగురికి 3,200. మనుషులకే 25,700 అయింది. గ్యాసు 19 కిలోల సిలిండర్లు మూడు, 6,000. వ్యాను 5,000, పాత్రల అద్దె 3,300. అంతా కలిపి 40,000, ప్లేటుకి 80 రూపాయలు. సరుకు 108 కలిపితే ప్లేటు ఖర్చు 188.

మరుసటి వారం ఇంకొకరు వచ్చి, “అదే మెనూ అన్నా, 300 మందికే,” అంటారు. ప్లేటుకి 80 అనే అలవాటులో పడితే ఈసారీ 188 అనే లెక్క చెబుతారు. సరుకు నిజంగానే 32,400కి దిగుతుంది. మేస్త్రి మాత్రం దిగడు, వ్యానూ దిగదు. వడ్డన కుర్రాళ్ల సంఖ్య మొత్తం అతిథుల్ని బట్టి కాదు, ఒక్క బంతికి ఎంతమంది కూర్చుంటారో దాన్ని బట్టి ఉంటుంది. భోజనాల హాల్లో 200 ఆకులు వేస్తే మూడు బంతులైనా ఒకటిన్నర బంతైనా ఆ 15 మందీ కావాల్సిందే. ఒక సహాయకుడు, ఒక శుభ్రం చేసే మనిషి, ఒక సిలిండరు, కొన్ని పాత్రలు తగ్గి ఈ పద్దు 40,000 నుంచి 35,000 దాకా మాత్రమే వస్తుంది. మొత్తం 67,400. 300తో భాగిస్తే ప్లేటుకి దాదాపు 225. పాత లెక్క 188 ఎక్కడ, ఇది ఎక్కడ!

అందుకే సరుకుని ప్లేటుకి కట్టండి, మనుషుల్నీ వ్యానునీ ఆర్డరుకి కట్టి తర్వాత భాగించండి. ఇంకోమాట. బలమైన ముహూర్తం రోజున ఊరంతా పెళ్లిళ్లే, వడ్డన కుర్రాళ్లు మామూలు కూలికి రారు. రేటు చెప్పే ముందు ఆ తేదీకి ఎంత అడుగుతారో వాళ్లనే కనుక్కుని అడ్వాన్సు ఇచ్చేయండి.

“ఖర్చు మీద నూటికి ఇరవై వేసుకో, నీకు ఇరవై శాతం మిగులుతుంది.”

188 మీద 20 శాతం వేస్తే 225 రూపాయల 60 పైసలు. మిగిలింది 37.60. వచ్చిన డబ్బులో అది ఎంత భాగమో చూస్తే నూటికి పదహారున్నర దాటి ఉంటుందంతే, ఇరవై కాదు. వచ్చిన ప్రతి వంద రూపాయల్లో ఇరవై మీకు ఉండాలంటే ఖర్చు ఎనభై కావాలి. కాబట్టి 188ని 0.8తో భాగించాలి, 235 వస్తుంది. ప్లేటుకి తేడా 9 రూపాయల 40 పైసలే అయినా 500 ప్లేట్లకి 4,700. మేస్త్రి కూలిలో చాలా భాగం అక్కడే పోయింది. 300 మంది ఆర్డరుకి అదే పద్ధతిలో 281 చెప్పాలి. మొహమాటపడి 235కే ఒప్పుకుంటే ప్లేటుకి మిగిలేది పది రూపాయలు. బేరంలో ఎంత తగ్గించినా ఫరవాలేదు గానీ, ఏ అంకె దగ్గర ఆగాలో ముందే తెలిసి కూర్చోండి. ఇంకా తగ్గించమంటే మెనూలో ఒక వంటకం తీసి తగ్గించండి.

“తిన్న ఆకులకే డబ్బు తీసుకో, పెళ్లివారు సంతోషిస్తారు.”

500 మందికి వండాక 440 మందే తిన్నారనుకోండి. 440 ఆకులకి 235 చొప్పున వచ్చేది 1,03,400. ఖర్చు ఎప్పుడో 94,000 అయిపోయింది. మిగిలేది 9,400, అంటే నూటికి తొమ్మిది. రాని అరవై మంది వంట మీ జేబులోంచి పోయింది. కనీసం ఎన్ని ప్లేట్లకి డబ్బు ఇస్తారో సరుకు కొనేముందే కాగితం మీద రాయించుకోండి, దాటిన ఆకులకి మాత్రం లెక్కపెట్టి అదే రేటు తీసుకోండి. లెక్కలో గొడవ రాకుండా, మొదటి బంతికి ముందే ఆకుల కట్టలు పెళ్లివారి తరఫు పెద్దమనిషి ఒకరి ఎదుట లెక్కపెట్టించండి. చిరిగినవి పక్కన పడేసి, ఆఖరి బంతి లేచాక మిగిలినవి మళ్లీ ఆయన ఎదుటే లెక్కపెట్టి ఆ కాగితం మీద సంతకం పెట్టించుకోండి.