ఎఫ్‌డీ మీద చెయ్యి పడకూడదట!

మా బావగారిది రైల్ నిలయంలో అకౌంట్స్ సెక్షన్. రూపాయి తేడా వస్తే ఫైలు వెనక్కి కొట్టే మనిషి. కూతురి పెళ్లి కుదరగానే ఆ కలాన్ని పక్కన పెట్టి, బ్యాంకువాళ్లు చెప్పిన లెక్క నెత్తికెత్తుకున్నారు.

చిలకలగూడ ఇంట్లో, జనరల్ బజార్ చీరల బిల్లు వెనకాల రాసి చూపించారు. "చూడవోయ్. ఎఫ్‌డీ ఇప్పటికి 5 లక్షలైంది, ఇంకా మూడేళ్లుంది. 7 శాతం మీద వచ్చే వడ్డీ 1,15,720. పర్సనల్ లోన్ 5 లక్షలు, 13 శాతం. నెలకు 16,847 కడితే మూడేళ్లలో వడ్డీ 1,06,492. అంటే అప్పు చేస్తేనే మనకు తొమ్మిది వేలు లాభం!"

కుబేరుడి దగ్గర పెళ్లికి అప్పు చేసి ఇప్పటికీ వడ్డీ కడుతున్న ఏడుకొండలవాడికి ఈ సూత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

"బావగారూ, ఎఫ్‌డీలో 5 లక్షలూ మూడేళ్లు కదలకుండా కూర్చుంటాయి. లోను అసలు నెలనెలా కరుగుతుంది. మూడో ఏడు మొదలయ్యేసరికి మీ దగ్గరున్న బ్యాంకు సొమ్ము 2 లక్షల లోపే. వడ్డీ తక్కువ కనపడేది అందుకే. ఆ 16,847 మీ జీతంలోంచే కదా పోయేది? ఎఫ్‌డీ తీసి పెళ్లి చేసి, అదే డబ్బు నెలనెలా 7 శాతానికి రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. మూడేళ్లకు దాదాపు 6.72 లక్షలు. అప్పు చేసి కాపాడుకున్న ఎఫ్‌డీ 6.16 లక్షలు."

యాభై ఆరు వేలు తేడా. పైగా ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి 11,800 ముందే కోసుకుని, చేతిలో పెట్టేది 4,88,200.

"మరి మధ్యలో తీస్తే జరిమానా?"

"ఎఫ్‌డీ నడిచినన్నాళ్ల వడ్డీలోనే మామూలుగా ఒక శాతం దాకా కోస్తారు. వేసి ఏడాదే కాబట్టి పోయేది ఐదు వేలకు మించదు. అదీ ఇష్టం లేదా, ఎఫ్‌డీ మీదే ఓడీ తీసుకోండి. చాలాచోట్ల 90 శాతం దాకా, అంటే 4.5 లక్షలు ఇస్తారు. ఎఫ్‌డీ రేటు మీద ఒక శాతం ఎక్కువ, వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. చదివింపుల కవర్లు మర్నాడే అందులో కట్టేస్తే ఆ మేరకు వడ్డీ ఆగిపోతుంది. మిగతా 50 వేలకే పర్సనల్ లోన్."

బావగారు బిల్లు తిరగేసి మరోసారి లెక్క వేశారు. పైసాతో సహా కుదిరింది. వంటింటి వైపు ఓసారి చూసి గొంతు తగ్గించారు.

"లెక్క సరేనయ్యా. ఎఫ్‌డీ మీ అక్కయ్య పేరు మీదుంది. తీయాలన్నా, ఓడీ అన్నా ఆవిడ సంతకం పెట్టాలి. లోనుకైతే నాది చాలు."